లారీ పాలసీ కట్టిన రోజే కంపెనీకి లాభం ఎందుకు రాదు?

కర్నూలులో ఒక లారీ యజమాని 2025 జనవరి 1న తన బండికి ఏడాది ఇన్సూరెన్స్ కట్టాడనుకుందాం. జీఎస్టీ పోను ప్రీమియం 36,500 రూపాయలు. లెక్క తేలిగ్గా ఉండాలని తీసుకున్న అంకె ఇది. డబ్బు అదే రోజు కంపెనీ ఖాతాలో పడింది. పడకుండా పాలసీ మొదలవదు కూడా, ఎందుకంటే ప్రీమియం చేతికి అందకముందే రిస్కు మీద వేసుకోకూడదని బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతుంది. బట్టల కొట్టుకో ఎరువుల దుకాణానికో అరువు బేరాల బెడద ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ టెన్షన్ లేదు. సరుకు ఇవ్వకముందే సొమ్ము వస్తుంది.

సరుకు ఇవ్వకముందే వచ్చింది కాబట్టే ఆ సొమ్మును వెంటనే ఆదాయమని రాసుకునే వీలు లేదు. ఇక్కడ సరుకంటే 365 రోజుల పూచీ. రోజుకు 100 రూపాయల చొప్పున కంపెనీ దాన్ని సంపాదించుకుంటూ పోతుంది. మార్చి 31న ఖాతాలు మూసేనాటికి జనవరిలో 31, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31 కలిపి 90 రోజులు గడిచాయి. 9,000 రూపాయలు ఆదాయం కింద చేరతాయి. మిగతా 27,500 రూపాయలు బ్యాలెన్స్ షీట్లో అప్పుల వైపు కూర్చుంటాయి. దీన్నే అన్‌ఎర్న్‌డ్ ప్రీమియం రిజర్వు అంటారు. మన దేశపు ఖాతాల్లో అన్‌ఎక్స్‌పైర్డ్ రిస్క్ రిజర్వు అనే పేరుతోనూ కనిపిస్తుంది. ఇలా రోజుల లెక్కన విడగొట్టడాన్ని 1/365 పద్ధతి అంటారు.

బ్యాంకులో ఉన్న డబ్బును అప్పు అనడమేమిటని అనిపించవచ్చు. ఏప్రిల్ మొదట్లో ఆ యజమాని తన బండికి సంబంధించిన పాలసీని రద్దు చేసుకుంటే ఏమవుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. క్లెయిమ్ ఏదీ లేకపోతే మిగిలిన రోజుల ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. థర్డ్ పార్టీ భాగం చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి దాన్ని రద్దు చేయడానికి షరతులుంటాయి, సొంత డ్యామేజీ భాగానికి అంత చిక్కు లేదు. రద్దు చేసుకోకపోతే మిగతా 275 రోజుల్లో జరిగే ప్రమాదాలకు కంపెనీ బాధ్యత వహించాలి. వాపసు ఇవ్వాలి, లేదా కాపు కాయాలి. రెండింట్లో ఏదైనా ఆ 27,500 ఇంకా బాకీయే.

ఈ రోజుల లెక్క ఎప్పటినుంచో ఉన్నది కాదు. చాలాకాలం మోటు లెక్క ఒకటి నడిచింది. అగ్ని, మోటారు వంటి వ్యాపారాల్లో ఏడాది ప్రీమియంలో 50 శాతం, ఓడల బీమాలో 100 శాతం రిజర్వుగా పక్కన పెడితే సరిపోయేది. పాలసీలు ఏడాది పొడవునా సమంగా అమ్ముడైతే సగటున సగం కాలం మిగిలి ఉంటుంది కాబట్టి సగం అనేది అర్థం లేని అంకె కాదు. కానీ అమ్మకాలు సమంగా ఉండవు. మార్చి నెలాఖరున టార్గెట్ల కోసం ఏజెంట్ల ఉరుకులు పరుగులు తెలిసినవే. మార్చి 31న అమ్మిన పాలసీకి ఒక్క రోజు పూచీ ఇచ్చి సగం ప్రీమియాన్ని ఆదాయంగా చూపించుకునే అవకాశం ఆ లెక్కలో ఉంది. మన లారీ విషయంలోనైతే 27,500 పక్కన పెట్టాల్సిన చోట 18,250 పెట్టి ఊరుకోవచ్చు. 1/365 లెక్కలో ఆ దొంగదారి మూసుకుపోతుంది.

కొత్త బైకుల సంగతి ఇంకాస్త వేరు. 2018 సెప్టెంబర్ 1 నుంచి, సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ, కొత్త కారుకు మూడేళ్ల పాలసీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. కడప షోరూంలో బైకు కొన్నవాడు ఐదేళ్ల డబ్బు ఒకేసారి కట్టినా కంపెనీ ఆ ఏడాది వంతునే ప్రీమియంగా చూపిస్తుంది. మిగతా నాలుగేళ్లదీ అడ్వాన్సుగా విడిగా ఉంటుంది. అంటే రాని ఏళ్ల డబ్బు ఇంకా ప్రీమియం ఖాతాలోకే రాలేదు, సంపాదించడం తర్వాతి మాట.

అమ్మిన కొద్దీ నష్టం

ఆదాయాన్ని రోజుల మీద పరిచినట్టు ఖర్చులనూ పరిస్తే సమస్య ఉండేది కాదు. మన దేశపు ఇన్సూరెన్స్ ఖాతాల్లో అలా చేయరు. ఏజెంటు కమిషన్, పాలసీ తెచ్చుకోవడానికి అయిన ఇతర ఖర్చు ఏ ఏడాది అయితే ఆ ఏడాదే రాసేయాలి. మన లారీ మీద 15 శాతం కమిషన్, 10 శాతం ఆఫీసు ఖర్చు అనుకుందాం. 5,475 ప్లస్ 3,650, మొత్తం 9,125 రూపాయలు. మార్చి 31 నాటికి సంపాదించింది 9,000. ఒక్క ప్రమాదం జరగకపోయినా ఈ పాలసీ మీద కంపెనీ 125 రూపాయలు నష్టంలో ఉంది.

ఇలాంటి లారీలు వెయ్యి ఉన్నాయనుకుందాం. అన్నీ అదే రోజు మొదలయ్యాయి. ప్రీమియం 365 లక్షలు. కంపెనీ తన రిస్కులో కొంత వేరే కంపెనీకి అప్పగించే రీఇన్సూరెన్స్‌కు పోయేది పోగా మిగిలిన లెక్క అనుకుంటే చాలు. ప్రతి 100 రూపాయల ప్రీమియంలో 70 క్లెయిమ్‌లకు పోతుందని కంపెనీ అంచనా. 70కి కమిషన్, ఖర్చులు 25 కలిపితే 95. అంటే మొత్తం వ్యాపారం మీద 5 శాతం లాభం, 18.25 లక్షలు.

ఆ 18.25 లక్షలు ఎప్పుడు కనపడతాయి? 2024-25 ఖాతాలో సంపాదించిన ప్రీమియం 90 లక్షలు. అందులో క్లెయిమ్‌లకు 63 లక్షలు. కమిషన్ 54.75, ఖర్చులు 36.5 మొత్తం ఆ ఏడాదే. తీసేస్తే 64.25 లక్షల నష్టం. 2025-26లో మిగతా 275 లక్షలు ఆదాయమవుతాయి, క్లెయిమ్‌లకు 192.5 లక్షలు పోతాయి, కొత్తగా ఖర్చు లేదు. 82.5 లక్షల లాభం. రెండు కలిపితే అదే 18.25 లక్షలు. వ్యాపారం మంచిదే, ధర సరైనదే, అయినా మొదటి ఖాతా చూసినవాడికి కంపెనీ మునిగిపోతున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ కంపెనీ 2026 జనవరిలో రెండు వేల లారీలకు పాలసీ ఇచ్చిందనుకోండి. పాత పాలసీల నుంచి 82.5 లక్షల లాభం, కొత్తవాటి నుంచి 128.5 లక్షల నష్టం, మొత్తం మీద 46 లక్షల నష్టం. కొత్త అమ్మకాలు పూర్తిగా ఆపేసి ఉంటే 82.5 లక్షల లాభం చూపించేది. వేగంగా పెరుగుతున్న ఇన్సూరెన్స్ కంపెనీ నష్టాల్లో ఉండటం, షట్టర్ దించుకుంటున్న కంపెనీ లాభాల్లో కనిపించడం ఇందువల్లే. పెరిగేదానికి కొత్త పెట్టుబడి తప్పదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం సాల్వెన్సీ నిష్పత్తి, అంటే కావాల్సిన మూలధనానికి చేతిలో ఉన్నది ఎన్ని రెట్లో చెప్పే అంకె, కనీసం 1.5 ఉండాలి. వ్యాపారం పెరిగిన కొద్దీ ఆ లెక్కలో కావాల్సిన మూలధనం పెరుగుతుంది, అదే సమయంలో ఖాతా నష్టం చేతిలో ఉన్న మూలధనాన్ని తింటుంది.

ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం 2023 జనవరి నుంచి చాలా దేశాల్లో అమల్లో ఉంది. అందులో పాలసీ తెచ్చుకున్న ఖర్చును కూడా పాలసీ కాలం మీద పరచవచ్చు. మన దేశంలో దానికి దీటైన ఇండ్ ఏఎస్ 117ను కేంద్రం 2024లో నోటిఫై చేసింది. ఆ పద్ధతి ఖాతాల్లో పూర్తిగా దిగితే మొదటి ఏడాది నష్టం చాలావరకు చదునవుతుంది. అయితే లాభం ముందుకు జరగదు, అది అప్పుడు కూడా రోజుల వెంటే వస్తుంది.

జరిగిపోయిన ప్రమాదం ఖరీదెంత

పైన 63 లక్షలని ఒక్క మాటలో రాసేసిన అంకె ఉంది చూశారూ, అసలు కష్టమంతా అందులో ఉంది. అన్‌ఎర్న్‌డ్ ప్రీమియం లెక్కకు క్యాలెండర్ ఉంటే చాలు, గుమాస్తా చేసేస్తాడు. క్లెయిమ్‌ల రిజర్వుకు క్యాలెండర్ పనికిరాదు. మొదటిది ఇంకా రాని రోజుల కోసం. రెండోది గడిచిపోయిన రోజుల్లో జరిగిన ప్రమాదాల కోసం, బిల్లు ఇంకా తేలని వాటి కోసం. ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లు ఎక్కువ. మొదటి రిజర్వు ఎంత పెద్దగా ఉన్నా రెండోదానిలో లోటును అది పూడ్చదు.

మన వెయ్యి లారీల్లో ఒకటి 2025 మార్చి 20 రాత్రి 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి దాటాక ఒక మోటార్ సైకిల్‌ను గుద్దిందనుకుందాం. బైకు మీదున్న 32 ఏళ్ల తాపీమేస్త్రీ చనిపోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. పోలీసులు కేసు కట్టారు. లారీ బంపర్ వంగింది, యజమాని గ్యారేజీలో బాగు చేయించుకున్నాడు, సొంత డ్యామేజీ క్లెయిమ్ పెట్టలేదు, బ్రాంచికి ఫోన్ కూడా చేయలేదు. పదకొండు రోజుల తర్వాత ఖాతాలు మూసుకున్నాయి. కంపెనీ దృష్టిలో ఆ ప్రమాదం జరగలేదు.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణలో నష్టపరిహారం పిటిషన్‌కు ప్రమాదం నాటి నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. అంతకుముందు, 1994 సవరణ తర్వాత, గడువే లేదు. ఏళ్లు గడిచాక కూడా పిటిషన్లు వచ్చేవి. మన కేసులో కుటుంబం ఆగస్టులో అనంతపురం ట్రిబ్యునల్లో పిటిషన్ వేసింది, సెప్టెంబర్లో కంపెనీకి నోటీసు అందింది. 2024-25 లాభనష్టాల ఖాతా అప్పటికే ఆడిటర్ల సంతకాలు దాటి బయటికి వెళ్లిపోయింది. కానీ ఖర్చు మాత్రం ఆ ఏడాదిదే.

నోటీసు రాగానే క్లెయిమ్‌ల అధికారి ఒక అంకె వేయాలి. పిటిషన్లో 50 లక్షలు అడిగారని 50 రాయరు. కోర్టులు లెక్కకట్టే తీరులోనే లెక్కకడతారు. ఆ తీరును సుప్రీంకోర్టు 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు ఖాయం చేశాయి. మేస్త్రీ ఆదాయానికి కాగితం ఏమీ లేదు కాబట్టి అధికారి నెలకు 10,000 అనుకున్నాడు. నలభై ఏళ్ల లోపు, సొంతంగా పనిచేసుకునేవాడు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 14,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 10,500. ఏడాదికి 1,26,000. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకు గుణకం 16. గుణిస్తే 20.16 లక్షలు. అంత్యక్రియలు, కుటుంబానికి తోడు కోల్పోవడం వంటి పద్దుల కింద వచ్చేది ఇంకొంత ఉంటుంది, దాన్ని పక్కన పెడదాం. ఫైలు మీద 20.16 లక్షల రిజర్వు పడింది.

విచారణలో మేస్త్రీని పనికి పెట్టుకున్న కాంట్రాక్టర్ వచ్చి నెలకు 15,000 ఇచ్చేవాడినని సాక్ష్యం చెప్పాడు. ట్రిబ్యునల్ నమ్మింది. అదే లెక్క ఇప్పుడు 21,000, 15,750, 1,89,000, చివరికి 30.24 లక్షలు. కేసు మూడేళ్లు నడిచింది, పిటిషన్ వేసిన నాటి నుంచి 7.5 శాతం వడ్డీ అన్నారు. అది 6.80 లక్షలు. మొత్తం 37 లక్షలు దాటింది. ఆదాయం మీద ఒక్క సాక్షి మాట, మూడు క్యాలెండర్లు తిరగడం, ఈ రెండూ కలిసి మొదటి అంచనాను దాదాపు 17 లక్షలు దాటించేశాయి. ఈ 17 లక్షలు 2028లో ఏ ఖాతాలో పడితే ఆ ఏడాది లాభాన్ని తగ్గిస్తాయి, ప్రమాదం 2025 మార్చిది అయినా. మరణానికి ఇచ్చే థర్డ్ పార్టీ పరిహారానికి లారీ పాలసీలో పై హద్దు లేదన్నదీ గుర్తుంచుకోవాలి. బండి ఖరీదు ఎంతో ముందే తెలుసు. మనిషి ప్రాణానికి కోర్టు ఎంత కడుతుందో తెలియదు.

అందుకే క్లెయిమ్‌ల రిజర్వులో రెండు పొరలుంటాయి. ఫైలు తెరిచిన కేసులకు ఒక్కోదానికి అధికారి వేసిన అంకె ఒక పొర. మార్చి 31న గుత్తి కేసులాగా జరిగి కూడా కబురు అందనివి, కబురు అందినా వేసిన అంకె చాలనివి రెండో పొర. ఈ రెండో పొరను వ్యవహారంలో ఐబీఎన్ఆర్ అంటారు. దీన్ని కంపెనీ నియమించిన యాక్చువరీ, అంటే బీమా అంచనాలు వేసే గణిత నిపుణుడు, లెక్కకట్టి సంతకం చేయాలి. మన వెయ్యి లారీల 63 లక్షలు మార్చి 31న విడదీసి చూస్తే ఇలా ఉండవచ్చు: చెల్లించేసింది 8 లక్షలు, ఫైళ్ల మీద రాసుకున్నది 25 లక్షలు, ఐబీఎన్ఆర్ 30 లక్షలు. సగానికి దగ్గరగా ఉన్న అంకె వెనుక ఒక్క కాగితం కూడా లేదు.

కాగితం లేని అంకెను ఎలా వేస్తారు

పాత ఏళ్ల నడక చూసి వేస్తారు. ఎక్కువగా వాడే పద్ధతి చెయిన్ ల్యాడర్. నాలుగేళ్ల కింద జరిగిన ప్రమాదాలకు మొదటి ఏడాది చివరికి 20 లక్షలు, రెండో ఏడాదికి మొత్తం 60, మూడో ఏడాదికి 90, నాలుగో ఏడాదికి 100 చెల్లించి ముగించారనుకుందాం. తర్వాతి ఏడాది ప్రమాదాలకు 22, 66, 99 దాకా వచ్చింది. ఆ తర్వాతి ఏడాదివి 18, 54. వరుస ఒకటే. మొదటి ఏడాది చెల్లింపు రెండో ఏడాదికి మూడింతలు అవుతోంది, అది మూడో ఏడాదికి ఒకటిన్నర రెట్లు, చివరికి ఇంకో తొమ్మిదో వంతు కలుస్తోంది. అంటే మొదటి ఏడాది చెల్లించిన ప్రతి రూపాయి చివరికి అయిదు రూపాయలు. ఈ ఏడాది ప్రమాదాలకు ఇప్పటిదాకా చెల్లించింది 24 లక్షలైతే చివరి బిల్లు 120 లక్షలు. ఇంకా 96 లక్షలు రిజర్వులో ఉండాలి. ఫైళ్ల మీద 55 లక్షలే ఉంటే మిగతా 41 లక్షలు ఐబీఎన్ఆర్.

లెక్క నాలుగో తరగతి పిల్లాడికి వస్తుంది. చిక్కంతా ఆ అయిదు రెట్లలో ఉంది. జిల్లా కోర్టుల్లో జాతీయ లోక్ అదాలత్ జరిగిన రోజు మోటారు ప్రమాదాల కేసులు గుంపుగా రాజీ అవుతాయి. ఒక ఏడాది కంపెనీ గట్టిగా పూనుకుని కొత్త కేసులు కూడా అక్కడ తెంచేసి మామూలుకంటే 6 లక్షలు ఎక్కువ చెల్లించిందనుకోండి. 24కు బదులు 30. చెయిన్ ల్యాడర్ దాన్ని చూసి చివరి బిల్లు 150 లక్షలంటుంది. నిజానికి బిల్లు పెరగలేదు, తొందరగా తేలింది, రాజీ వల్ల కాస్త తగ్గి ఉండవచ్చు కూడా. 2020లో దీనికి ఎదురు జరిగింది. లాక్‌డౌన్‌లో కోర్టులు సరిగా నడవక చెల్లింపులు ఆగాయి. 24 రావాల్సిన చోట 12 వస్తే యంత్రంలా లెక్క వేసినవాడికి చివరి బిల్లు 60 లక్షలే కనిపిస్తుంది. ఆ ఏడాది రోడ్ల మీద బండ్లూ తగ్గాయి, ప్రమాదాలూ తగ్గాయి, కాబట్టి తగ్గుదలలో ఎంత నిజం, ఎంత ఆలస్యం అన్నది చెయిన్ ల్యాడర్ చెప్పలేదు.

ఇలాంటి చోట్ల యాక్చువరీలు బోర్న్‌హ్యూటర్ ఫెర్గూసన్ పద్ధతి వైపు మొగ్గుతారు. అందులో మొదటి ఏడాది చెల్లింపుకు అంత పెత్తనం ఇవ్వరు. ప్రీమియంలో ఇంత శాతం క్లెయిమ్‌లకు పోతుందని ముందే అనుకున్న అంచనాను తీసుకుని, ఇంకా బయటపడాల్సిన భాగానికి దాన్నే వర్తింపజేస్తారు. నిలకడగా ఉంటుంది, కానీ ముందస్తు అంచనాయే తప్పైతే ఆ తప్పు కూడా నిలకడగానే ఉంటుంది.

వేరుశనగ చేను, వేరే క్యాలెండర్

రోజుకు ఇంత అని సమంగా పంచే లెక్క అన్ని వ్యాపారాలకూ సరిపోదనడానికి అనంతపురం వేరుశనగను చూడాలి. వర్షాధారపు ఖరీఫ్ పంట. జూన్, జులైలలో విత్తు పడుతుంది, అక్టోబర్, నవంబర్ నాటికి చెట్టు పెరికేస్తారు. ఊడలు దిగేటప్పుడు, కాయ గట్టిపడేటప్పుడు వాన మొహం చాటేస్తే పంట పోయినట్టే. రిస్కంతా ఆ కొన్ని వారాల్లో ఉంటే 365తో భాగించడం అర్థం లేని పని. అందుకే నిబంధనల్లో కూడా పాలసీ కాలం, రిస్కు కాలం రెండింటిలో ఏది తగినదైతే దాని మీద ప్రీమియం గుర్తించమని ఉంది.

మార్చి 31న ఈ పంట బీమా ఖాతా చూస్తే లారీ ఖాతాకు తలకిందులుగా ఉంటుంది. సీజన్ ఎప్పుడో ముగిసింది కాబట్టి అన్‌ఎర్న్‌డ్ ప్రీమియం సున్నా, మొత్తం సంపాదించినట్టే. కానీ దిగుబడి ఆధారంగా నడిచే పథకంలో పంట కోత ప్రయోగాల అంకెలు రావాలి, ఆ అంకెల మీద పేచీలు తెగాలి, ప్రభుత్వాల వాటా ప్రీమియం అందాలి. ప్రధాన మంత్రి ఫసల్ బీమా యోజనలో ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు రైతు కట్టేది బీమా మొత్తంలో 2 శాతం వరకే. మిగతాది కేంద్రం, రాష్ట్రం భరించాలి. అంటే ఖాతాలో ఆదాయం పూర్తిగా ఉంది, ప్రీమియంలో పెద్ద ముక్క ఇంకా రావాల్సి ఉంది, క్లెయిమ్ ఎంతో తేలలేదు. వానలు ఎప్పుడు పడ్డాయో అందరికీ తెలిసినా యాక్చువరీ అంచనాతోనే ఖాతా మూయాలి. సంపాదించిన ప్రీమియం చూసి ఈ వ్యాపారంలో లాభం వచ్చిందని మార్చిలో మురిసిపోవడం కన్నా తొందరపాటు లేదు.

లాభం నెమ్మది, నష్టం వెంటనే

ఇంతవరకూ లాభం రోజుల వెంట నడుస్తుందని చెప్పుకున్నాం. నష్టానికి ఆ మర్యాద లేదు. లారీల మీద 27,500 చొప్పున రిజర్వు ఉంది, కానీ కోర్టుల పరిహారాలు పెరిగి మిగతా 275 రోజులకు క్లెయిమ్‌లు, నిర్వహణ ఖర్చు కలిపి 30,000 అవుతాయని తేలితే ఆ 2,500 తేడాను ఇప్పుడే ప్రీమియం డెఫిషియెన్సీ రిజర్వు కింద నష్టంగా రాయాలి. రాబోయే లాభాన్ని ముందే రాసుకోకూడదు, రాబోయే నష్టాన్ని మాత్రం ముందే రాయాలి. పక్షపాతంగా కనిపిస్తుంది, కానీ ఇందులో న్యాయం ఉంది. డబ్బు చేతిలో ఉన్నవాడు, ధర ముందే చెప్పినవాడు, ఖరీదు చివర్లో తెలుసుకునేవాడు ఒక్కడే అయినప్పుడు తన అంచనాను తనకు అనుకూలంగా వంచుకునే అవకాశం కూడా అతనిదే.

వంచితే ఎలా ఉంటుందో మన వెయ్యి లారీల మీదే చూడవచ్చు. యాజమాన్యం 70కి బదులు 55 శాతమే క్లెయిమ్‌లకు పోతుందని అనిపించుకుందనుకోండి. ఎక్కడా దొంగ వోచర్ రాయనక్కర్లేదు, ఐబీఎన్ఆర్ అంకె తగ్గితే చాలు. మొదటి ఏడాది నష్టం 64.25 నుంచి 50.75 లక్షలకు తగ్గుతుంది. రెండో ఏడాది లాభం 82.5 నుంచి 123.75 లక్షలకు పెరుగుతుంది. మొత్తం లాభం 18.25కు బదులు 73 లక్షలు, సరిగ్గా నాలుగింతలు. ఆ అంకె చూసి డివిడెండ్ ఇస్తారు, బోనస్‌లు పంచుతారు. అన్నిటికంటే ప్రమాదకరం ఏమిటంటే, లారీ ఇన్సూరెన్స్‌లో ఇంత మిగులుతుందని తమ అంకెను తామే నమ్మి వచ్చే ఏడాది రేటు తగ్గిస్తారు. సొంత డ్యామేజీలో రేటు కంపెనీల చేతిలోనే ఉంటుంది. మూడు నాలుగేళ్లకు అనంతపురం, కర్నూలు ట్రిబ్యునళ్ల తీర్పులు ఒక్కొక్కటే దిగుతాయి. దాచిన 54.75 లక్షలు అప్పుడు బయటికి వస్తాయి, ఈలోపు తక్కువ రేటుకు అమ్మిన పాలసీలు ఇంకో మూడేళ్లవి వెనకే వరుసలో ఉంటాయి.

దీన్ని బయటి మనిషి పట్టుకోగలడా? కొంతవరకు. లాభనష్టాల ఖాతాలో కనిపించే క్లెయిమ్ నిష్పత్తిలో ఈ ఏడాది ప్రమాదాలూ పాత ఏళ్ల సవరింపులూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి దాని మీద ఆధారపడకూడదు. చూడాల్సింది ప్రమాదం జరిగిన ఏడాది వారీగా మొదటి అంచనా ఎంత, ఏడాది తర్వాత ఎంత, రెండేళ్ల తర్వాత ఎంత అని చూపే పట్టిక. కొన్ని కంపెనీలు దీన్ని ఏటా ప్రచురిస్తాయి. ఒక ఏడాది అంచనా పెరగడం తప్పు కాదు, గుత్తి కేసులాంటివి జరుగుతాయి. కానీ వరుసగా ప్రతి ఏడాది ప్రమాదాల అంచనా తర్వాతి ఏళ్లలో పైకే పోతుంటే మొదట వేసే అంకెలోనే కోత ఉన్నట్టు. వరుసగా కిందికే వస్తుంటే కంపెనీ ముందు ఎక్కువ పెట్టి తర్వాత కొంచెం కొంచెం వదులుతూ లాభాలను చదును చేస్తోందని అనుకోవచ్చు. రెండోది పాలసీదారుడికి హాని కాదు, కానీ వాటాదారుడు చూసే లాభం ఆ ఏడాది వ్యాపారానిది కాదు. పక్కనే ఇంకోటి చూడాలి. థర్డ్ పార్టీ ప్రీమియం 30 శాతం పెరిగి, థర్డ్ పార్టీ క్లెయిమ్‌ల రిజర్వు 5 శాతమే పెరిగితే దానికి కారణం అడగాలి. పాత కేసులు భారీగా సెటిల్ చేసి ఉంటే చెల్లింపుల్లో ఆ పెరుగుదల కనిపించాలి. అక్కడా లేకపోతే అది ఐబీఎన్ఆర్‌లో కోతే.

ఇన్నాళ్లు పక్కన ఉంచిన డబ్బు ఊరికే ఉండదు. రెండు రిజర్వుల సొమ్మూ ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో, మంచి రేటింగ్ ఉన్న కంపెనీల బాండ్లలో వడ్డీ సంపాదిస్తుంది. భవిష్యత్తులో వచ్చే ఆ వడ్డీని ముందే తీసేసి రిజర్వును తగ్గించి రాసుకోవడం మన దగ్గర సాధారణంగా కుదరదు. 2028లో కట్టాల్సిన 37 లక్షలకు ఇప్పుడే 37 లక్షలు పెట్టాలి, వడ్డీ విడిగా పెట్టుబడి ఆదాయంలో వస్తుంది. అందువల్ల మోటారు థర్డ్ పార్టీలో కంబైన్డ్ నిష్పత్తి 100 దాటి ఉన్నా, అంటే ప్రీమియం కన్నా క్లెయిమ్‌లూ ఖర్చులే ఎక్కువైనా, కంపెనీ ఆ వ్యాపారం వదులుకోదు. డబ్బు మూడు నాలుగేళ్లు చేతిలో ఉంటుంది. గ్యారేజీ బిల్లు నెలల్లో తేలిపోయే సొంత డ్యామేజీలో ఆ వెసులుబాటు లేదు, అక్కడ 100 దాటితే ఆదుకునేంత వడ్డీ రాదు. ఒకే లారీ, ఒకే పాలసీ కాగితం. అయినా అందులోని రెండు భాగాల లాభం తేలడానికి పట్టే కాలం వేరు, కాబట్టి ఎంత నష్ట నిష్పత్తిని భరించవచ్చన్న లెక్క కూడా రెండిటికీ వేరుగానే వేయాలి.